ప్లేట్ లోడ్ టెస్టు: తరచుగా అడిగే ప్రశ్నలు (గుణుపూర్, పర్లాకిమిడి వైపు కట్టుకునేవాళ్లకి)

రిపోర్టులో 15 టన్నులు వచ్చింది. ఇంకా అనుమానం ఎందుకు?

మా దగ్గరకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఇదే. రిపోర్టు అబద్ధం కాదు. ఆ ప్లేటు కింద, ఆ రోజున, ఆ మట్టి చదరపు మీటరుకి 15 టన్నులు మోసింది. కానీ ఆ ప్లేటు అడుగు వెడల్పు ఉంటుంది. మీరు వేసే ఫుటింగు రెండు మీటర్లు. ప్లేటు మీద కొలిచిన కుంగుదలని ఫుటింగుకి మార్చే లెక్క ఒకటుంది, రిపోర్టు చివరి పేజీలో రెండు లైన్లలో ఉంటుంది. మా అనుమానం టెస్టు మీద కాదు, ఆ రెండు లైన్ల మీద.

ఈ పేజీలో మొదటి నుంచి చివరి దాకా ఒకే స్థలాన్ని పట్టుకుని చెబుతాం. గుణుపూర్‌లో వంశధార ఒడ్డుకి దగ్గరగా ఉన్న స్థలం అది. కింద షాపులు, పైన మూడంతస్తులు. బరువైన స్తంభం మీద 60 టన్నులు. ఫుటింగు 2 మీటర్లు × 2 మీటర్లు, లోతు మీటరున్నర. అంటే ఫుటింగు కింద చదరపు మీటరుకి సరిగ్గా 15 టన్నులు.

అసలు టెస్టు ఎలా చేస్తారు?

పునాది వచ్చే లోతుకే గొయ్యి తవ్వుతారు. దాని వెడల్పు ప్లేటుకి కనీసం అయిదు రెట్లు ఉండాలని ఈ టెస్టుకి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 1888 చెబుతుంది. 30 సెంటీమీటర్ల ప్లేటుకి మీటరున్నర గొయ్యి. ఈ నియమాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఇరుకు గొయ్యిలో చేస్తే చుట్టూ ఉన్న మట్టి బరువు ప్లేటు పక్కల్ని అదిమి పడుతుంది, మట్టి ఉన్నదానికన్నా గట్టిగా కనిపిస్తుంది. స్తంభానికి తవ్విన గోతిలోనే ప్లేటు పెట్టేసి పని కానిచ్చిన రిపోర్టులు మా చేతికి వచ్చాయి.

గొయ్యి అడుగుని చదును చేసి, పలచగా ఇసుక పరిచి, 25 మి.మీ.కి తగ్గని మందం ఉన్న ఉక్కు ప్లేటు పెడతారు. పైన దూలాల మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. ప్లేటుకీ దూలానికీ మధ్య జాకీ. జాకీ పైకి తోసినప్పుడు బస్తాల బరువు ఎదురు నిలబడుతుంది, ప్లేటు కిందికి దిగుతుంది. ఎంత దిగిందో మిల్లీమీటరులో వందో వంతు దాకా డయల్ గేజీలు చూపిస్తాయి. ముందు చదరపు మీటరుకి 0.7 టన్ను చొప్పున చిన్న బరువు వేసి తీసేస్తారు, ప్లేటు మట్టిలో కుదురుకోవడానికి. తర్వాత మెట్లు మెట్లుగా పెంచుతారు. ప్రతి మెట్టులోనూ ప్లేటు దిగడం నిమిషానికి 0.02 మి.మీ. దాకా నెమ్మదించాకే తర్వాతి మెట్టు.

మన స్థలంలో వచ్చిన అంకెలు ఇవి:

```
చ.మీ.కి టన్నులు   ప్లేటు కుంగుదల (మి.మీ.)
       5               1.2
      10               2.6
      15               4.2
      20               6.1
      25               8.6
      30              12.3
      35              19.0
```

ఈ అంకెల్ని గీతగా గీస్తే, 30 దాటాక అది ఒక్కసారిగా కిందికి వంగింది. ఇక ప్లేటు మట్టిని నొక్కడం లేదు, అందులోకి దిగబడుతోంది.

బస్తాలు ఎన్ని కావాలి?

ప్లేటు విస్తీర్ణం 0.09 చదరపు మీటరు. చ.మీ.కి 35 టన్నులు అంటే జాకీ మీద నిజంగా పడేది మూడు టన్నుల పైచిలుకు. కొంచెం మిగులు ఉండాలి కాబట్టి అయిదు టన్నులు, అంటే 50 కిలోల బస్తాలు వంద. 60 సెం.మీ. ప్లేటైతే దీనికి నాలుగింతలు. ఊళ్లో అందరూ 30 ప్లేటే ఎందుకు వాడతారో మీకిప్పుడు అర్థమై ఉంటుంది. మట్టిశాస్త్రం కన్నా బస్తాలు మోసే కూలీ ఖర్చే దానికి కారణం.

15 టన్నుల దగ్గర ప్లేటు 4.2 మి.మీ. దిగింది. ఫుటింగు కూడా అంతే దిగుతుందా?

దిగదు, ఎక్కువ దిగుతుంది. ఒకే ఒత్తిడి వేసినా వెడల్పైన ఫుటింగు కింద మట్టి ఎక్కువ లోతు దాకా నలుగుతుంది. వెడల్పుకి దాదాపు రెండింతల లోతు దాకా ఆ ప్రభావం ఉంటుందని పనిలో లెక్క వేసుకుంటాం. ప్లేటుకి అది 60 సెంటీమీటర్లు, ఫుటింగుకి నాలుగు మీటర్లు.

ఎంత ఎక్కువ దిగుతుందన్నది మట్టి రకాన్ని బట్టి ఉంటుంది. ఇసుకకి టెర్జాగీ, పెక్ ఇచ్చిన సూత్రం వాడతారు. కొలతలు సెంటీమీటర్లలో ఉండాలి:

```
Sf = Sp × [ Bf (Bp + 30) / ( Bp (Bf + 30) ) ]²
```

Sf ఫుటింగు కుంగుదల, Sp ప్లేటు కుంగుదల, Bf, Bp వాటి వెడల్పులు. మనకి Bp 30, Bf 200. బ్రాకెట్లో 200 × 60 ని 30 × 230 తో భాగిస్తే 1.74, దాని వర్గం 3.02. అంటే 4.2 మి.మీ. కాస్తా 12.7 మి.మీ. అవుతుంది. ఇలాంటి విడి ఫుటింగులకి మేం పెట్టుకునే హద్దు 25 మి.మీ. కాబట్టి ఈ లెక్కలో ఫుటింగు హాయిగా పాసైంది. తిప్పి చూసినా అంతే. 25 మి.మీ.ని 3.02తో భాగిస్తే ప్లేటు మీద 8.3 మి.మీ., అది పట్టికలో 24 టన్నుల దగ్గర వస్తుంది.

బంకమట్టికైతే కుంగుదల వెడల్పుతో పాటే పెరుగుతుందని తీసుకుంటారు:

```
Sf = Sp × Bf / Bp
```

అదే 4.2 మి.మీ. అప్పుడు 28 అవుతుంది, ఫుటింగు ఫెయిల్. టెస్టు ఒకటే, అంకె ఒకటే. సూత్రం ఏది ఎంచుకున్నామన్నదాన్ని బట్టి ఫలితం రెట్టింపుకి మించి మారిపోయింది. కాబట్టి రిపోర్టు చేతికి రాగానే ముందు వెతకాల్సింది మట్టి భద్రంగా మోయగల బరువు, అంటే ఎస్‌బీసీ అంకెని కాదు, ఏ సూత్రం వాడారో, ఆ మట్టి ఇసుకే అని ఎలా తేల్చారో.

ఇసుకలో పెరుగుదల ఎందుకు తక్కువ?

ఇసుక లోతుకి వెళ్లేకొద్దీ తన బరువు కిందే తను బిగుసుకుంటుంది. వెడల్పు ఫుటింగు లోతైన మట్టిని నొక్కుతుంది, కానీ ఆ లోతులో ఇసుక గట్టిగా ఉంటుంది కాబట్టి కొంత తిరిగి కలిసొస్తుంది. ఫుటింగు వెడల్పు ఎంత పెంచినా, 30 సెం.మీ. ప్లేటు నుంచి లెక్కిస్తే ఆ సూత్రంలో గుణకం 4 దాటదు.

ఆ 4 మీద నాకంత నమ్మకం లేదు. 1963లో బ్యెరుమ్, ఎగ్గెస్టాడ్ అనే ఇద్దరు ఇంజనీర్లు నిజమైన ఫుటింగుల కుంగుదలల్ని ప్లేటు టెస్టులతో పోల్చి చూశారు. చుక్కలు ఆ గీత మీద కూర్చోలేదు, చెల్లాచెదురుగా పడ్డాయి. వదులు ఇసుకల్లో నిష్పత్తి 4 కన్నా బాగా పైకి పోయింది. సూత్రం గీసేది సగటు దారినే. మీ స్థలం ఆ దారికి ఏ పక్కన ఉందో దానికి తెలియదు. గట్టి ఇసుకలో పరవాలేదు. గునపం సులువుగా దిగిపోయే ఇసుక కనిపిస్తే ఈ సూత్రంతో నేను పునాది వేయించను.

మరి మన స్థలంలో ఇసుకే కదా. సమస్య ఏమిటి?

గొయ్యి అడుగున ఉన్నది ఇసుకే. మేస్త్రీ పిడికిట్లో పట్టి చూపించాడు కూడా, "మంచి బాలి సార్" అని. ఇసుకని ఇక్కడ ఒడియాలో బాలి అంటారు. యజమాని నాకు వరసకి మావయ్య. ఆయన టెన్షన్ ఏమిటంటే వానలు పడకముందే పునాది లేవాలి. రిపోర్టు చేత్తో పట్టుకుని "పాసైపోయింది కదరా అల్లుడూ" అన్నాడు.

నాకు అనుమానం ఏటి వల్ల వచ్చింది. వంశధార లాంటి నది ఒకే చోట ఒకే మట్టి వేయదు. ఒక కాలంలో ఇసుక పరుస్తుంది, తర్వాత దారి మారి అక్కడే నిలవ నీటిలో మెత్తటి ఒండ్రు వదిలేస్తుంది, మళ్లీ ఇసుక కప్పుతుంది. అందుకని మట్టిలోకి తిప్పుతూ దింపే చేతి ఆగర్ తెప్పించి గొయ్యి పక్కనే తిప్పించాం. సగం పూట పని. నేల నుంచి 2.7 మీటర్ల దాకా ఇసుక. ఆ కింద ఆగర్‌కి బూడిద రంగు బంక అంటుకుని వచ్చింది, బొటనవేలు నొక్కితే సులువుగా లోపలికి పోయేంత మెత్తన. అది 4.7 మీటర్ల దాకా ఉంది. దాని కింద ఆగర్ ఇక తిరగలేదు. మన కొండల్లో దొరికే ఖొండలైట్ రాయే, శిథిలమైన పొర.

ఇప్పుడు ఫుటింగు అడుగు నుంచి కొలవండి. 1.2 మీటర్ల ఇసుక, తర్వాత 2 మీటర్ల మెత్తటి బంక. ప్లేటు ప్రభావం 60 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయింది. అడుగున ఏముందో చూడకుండానే అది సర్టిఫికెట్ ఇచ్చేసింది.

ఆ బంక మీద ఎంత ఒత్తిడి పడుతుంది? అంకెల్లో చెప్పండి.

బరువు కిందికి దిగేకొద్దీ పక్కలకి పరుచుకుంటుంది. రెండు మీటర్లు దిగితే వెడల్పు రెండు మీటర్లు పెరిగిందని తీసుకునే మోటు లెక్క ఒకటుంది. ఇక్కడికి అది చాలు.

బంక పొర నడిమి ఫుటింగు అడుగు నుంచి 2.2 మీటర్లు. ఫుటింగు 60 టన్నులు అక్కడ 4.2 × 4.2 మీటర్ల మీద పరుచుకుంటాయి. చదరపు మీటరుకి 3.4 టన్నులు. ప్లేటు విషయంలో మొత్తం బరువే 1.35 టన్నులు, అది 2.5 × 2.5 మీటర్ల మీద పరుచుకుంటే 0.2 టన్ను. రెండింటి అడుగున ఒత్తిడి ఒకటే 15 టన్నులు. కానీ బంక దగ్గరికొచ్చేసరికి ఫుటింగు ప్లేటు కన్నా దాదాపు పదహారింతలు నొక్కుతోంది. ఏ సూత్రంలోని గుణకమూ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే ఆ రెండు సూత్రాలూ పై నుంచి కింది దాకా ఒకే మట్టి ఉందనే షరతు మీద నిలబడ్డాయి.

మెత్తటి బంక నమూనా తీసి ప్రయోగశాలలో నొక్కి చూస్తే, చదరపు మీటరుకి టన్ను ఒత్తిడి పెరిగిన ప్రతిసారీ మీటరు మందానికి 5 మి.మీ. చొప్పున తగ్గేలా ఉంది. 3.4 టన్నులు, 2 మీటర్లు, 5 మి.మీ. గుణిస్తే 34 మి.మీ. పైన ఇసుక దిగే 12.7 దీనికి అదనం. మొత్తం 47 మి.మీ. పైగా ప్రతి స్తంభం ఒకేలా దిగదు. మెట్ల దగ్గరి బరువు స్తంభం 47 దిగి, వరండా స్తంభం పదిహేనో ఇరవయ్యో దిగితే, ఆ తేడాకే గోడల్లో మూలకి వాలిన పగుళ్లు వస్తాయి.

కుంగడమే కాదు, బంక విరిగిపోయే ప్రశ్న కూడా ఉంది. దాని కోత బలం చదరపు మీటరుకి 2 టన్నులు. అది తట్టుకునేది దానికి దాదాపు ఆరింతలు, అంటే సుమారు 12 టన్నులు, దాని పై అంచు మీద పడేది 5.9. భద్రత రెండింతలకి కాస్త ఎక్కువ. మేం రెండున్నరకి తగ్గనివ్వం, మూడు ఉంటేనే నిద్ర పడుతుంది.

టెస్టులో ప్లేటు బాగానే నెమ్మదించి ఆగింది కదా. తర్వాత ఇంకా ఎందుకు దిగుతుంది?

తడి బంక దిగాలంటే దానిలోని నీరు బయటికి పోవాలి. సన్నటి సందుల్లోంచి నీరు చాలా నెమ్మదిగా పోతుంది. మన పొరకి పైన ఇసుక, కింద శిథిల రాయి, అంటే రెండు వైపులా నీటికి దారి ఉంది. అయినా కుంగుదలలో తొంభై శాతం పూర్తవడానికి లెక్క ప్రకారం పది నెలలు. ఒకటో రెండో రోజుల్లో ముగిసే టెస్టు దీన్ని చూడలేదు. గృహప్రవేశం అయి, చుట్టాలు వెళ్లిపోయాక, రంగుల మీద మొదటి గీత కనిపిస్తుంది.

కాబట్టి బంకమట్టికి వెడల్పు నిష్పత్తి సూత్రంతో వచ్చే కుంగుదల వెంటనే జరిగే భాగమే. తర్వాత నెలల మీద జరిగేది అందులో లేదు.

రెండు ప్లేట్లతో చేస్తే ఈ మోసం బయటపడదా?

మంచి ప్రశ్న, మేమూ అదే ఆశపడ్డాం. 30, 60 ప్లేట్లు రెండూ పెడితే, ఇసుక సూత్రం ప్రకారం రెండోది 1.78 రెట్లు దిగాలి, బంక సూత్రం ప్రకారం 2 రెట్లు. ఈ రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. టెస్టులో మామూలుగా వచ్చే తేడాలే ఈ సందుని మింగేస్తాయి. కనక ఇసుకా, బంకా అని తేల్చడానికి ఇది పనికిరాదు. 2 కన్నా బాగా ఎక్కువ వస్తే మాత్రం కింద మెత్తగా ఉందని గట్టి అనుమానం పెట్టుకోవచ్చు.

మన స్థలంలో 60 ప్లేటు 15 టన్నుల దగ్గర 8 మి.మీ. దిగింది, అంటే 1.9 రెట్లు. చూడ్డానికి బంగారంలా ఉంది. కానీ 60 ప్లేటు ప్రభావం కూడా 1.2 మీటర్ల దగ్గరే, సరిగ్గా బంక మొదలయ్యే చోటే ఆగిపోతుంది. నాలుగింతల బస్తాలు మోయించి మేం కొనుక్కున్నది ఆ తప్పుడు ధైర్యమే. అదే డబ్బుతో ముందే రెండు చోట్ల ఆగర్ దింపి ఉంటే సరిపోయేది.

వేసవిలో చేసిన టెస్టు వానాకాలానికి పనికొస్తుందా?

మన స్థలంలో టెస్టు మే నెలలో జరిగింది, నీరు మూడు మీటర్ల లోతున ఉంది. పక్కింటి బావి చూస్తే వానల్లో మీటరు దాకా వస్తుందని తెలిసింది, అంటే ఫుటింగు అడుగు కన్నా పైకి. ఇసుక నీటిలో మునిగితే దాని గింజల మధ్య బిగువు దాదాపు సగం అవుతుంది, కుంగుదల రెట్టింపు దాకా పోవచ్చని లెక్క కడతాం. 12.7 కాస్తా 25 అవుతుంది. బంక సంగతి పక్కన పెట్టినా, ఇసుక ఒక్కటే హద్దు మీదికి వచ్చేసింది. మీ రిపోర్టులో నీటి మట్టం ఏ తేదీన ఎంతో రాసి లేకపోతే అడిగి రాయించుకోండి.

నాందేడ్ జిల్లా ధర్మాబాద్ నుంచి అడిగేవాళ్లకి ఒక మాట. మీది నల్లరేగడి. మేలో అది ఎండి రాయిలా ఉంటుంది, ప్లేటు బ్రహ్మాండమైన అంకె ఇస్తుంది. వానకి ఉబ్బి ఫుటింగుని పైకి తోస్తుంది. ప్లేటు టెస్టు కిందికి నొక్కి చూస్తుందే గానీ, పైకి వచ్చే తోపుని కొలవదు. మీకు ఉబ్బుదల పరీక్ష వేరే చేయించుకోవాలి.

ఎస్‌బీసీ ఫుటింగు వెడల్పుతో పాటు పెరుగుతుందని మా ఇంజనీరు అన్నాడు. నిజమేనా?

బరువుకి విరిగిపోయే హద్దు ఇసుకలో వెడల్పుతో పెరుగుతుంది, బంకలో పెరగదు. పుస్తకంలో అలాగే ఉంటుంది. అయితే మన ప్లేటు విరిగిన 30 టన్నుల్ని 200/30తో గుణిస్తే 200 టన్నులు వస్తాయి. కింద మెత్తటి బంక ఉన్న స్థలానికి 200 టన్నులు! ఆ గుణకారాన్ని రిపోర్టులో చూస్తే నేను మిగతా పేజీలు చదవను. ఇసుక మీద ఫుటింగుల్లో ముందు అడ్డం వచ్చేది కుంగుదలే.

టెస్టే తప్పుగా జరిగితే ఎలా తెలుస్తుంది?

గీత చూడండి. మొదటి ఒకటి రెండు మెట్లలోనే ఎక్కువ దిగి తర్వాత గట్టిపడినట్టు కనిపిస్తే ప్లేటు కింద మట్టి చదునుగా లేదని అర్థం. ఆ మొదటి భాగాన్ని వదిలేసి, సరళంగా ఉన్న భాగాన్ని వెనక్కి పొడిగించి సున్నా సరిచేయాలి. డయల్ గేజీలు ఒక్కోటి ఒక్కోలా చదువుతుంటే ప్లేటు వాలుతోంది, అంటే జాకీ నడిమిన లేదు. బరువు స్థిరంగా ఉన్నా గేజీ వెనక్కి తిరిగితే గేజీలు బిగించిన కడ్డీ కదులుతోంది. దాన్ని ఎండకి వదిలేస్తే వంగుతుంది, పక్కన మనుషులు నిలబడ్డా కదులుతుంది. మా టెస్టులో మధ్యాహ్నం గొడుగు పట్టించింది అందుకే. కూలీలు నవ్వుకున్నారు.

చివరికి ఆ స్థలంలో ఏం చేశారు?

మావయ్య మొదట అడిగింది ఫుటింగు పెద్దది చేద్దామని. 2.6 మీటర్లకి పెంచి చూశాం. అడుగున ఒత్తిడి 15 నుంచి 9 టన్నులకి పడిపోయింది, వినడానికి బాగుంది. కానీ బంక నడిమిన 3.4 టన్నులు 2.6కే తగ్గాయి, బంక కుంగుదల 34 నుంచి 26 మి.మీ.కే. ఇసుక కుంగుదల దాని మీద ఉండనే ఉంది. ఫుటింగు వెడల్పు చేసినకొద్దీ అది లోతుకి చేయి చాపుతుంది, ఆ లోతులోనే మన బంక ఉంది.

బరువైన ఆరు స్తంభాలకి శిథిల రాయిలోకి దిగేలా బోర్ పైల్స్, అంటే నేలలోకి లోతుగా దింపిన కాంక్రీటు స్తంభాలు, వేయించాం. తర్వాత మిగతా స్తంభాల్ని విడి ఫుటింగుల మీద ఉంచుదామన్న ఆలోచన కూడా వదిలేశాం. సగం భవనం రాయి మీద, సగం బంక మీద ఉంటే తేడా ఇంకా పెరుగుతుంది కదా. అన్నిటికీ పైల్సే. ఖర్చు విన్నప్పుడు మావయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అయితే ప్లేటు టెస్టు దండగేనా?

కాదు. ఆగర్‌తోనో బోరుతోనో ఫుటింగు వెడల్పుకి రెండింతల లోతు దాకా ఒకే మట్టి ఉందని తేలాక, ఆ మట్టి గట్టి ఇసుకో, గ్రావెలో, శిథిల రాయో అయితే ప్లేటు టెస్టు చాలా విలువైనది. వాటి నుంచి చెదరని నమూనా తీసి ప్రయోగశాలకి పంపడం కష్టం, స్థలంలోనే నొక్కి చూడడం మేలు. ముందు బోరు, తర్వాత ప్లేటు. ఈ వరస తిరగేసి చేస్తేనే మా మావయ్య స్థలంలో జరిగినట్టవుతుంది.